వక్తకు మైకు ఇచ్చే ముందు: తుమ్మలపల్లె యురేనియం, బోరు నీళ్ల సదస్సులో సంధానకర్త ప్రారంభ ప్రసంగం

(కడపలో జరిగిన సదస్సులో ప్రధాన ప్రసంగానికి ముందు సంధానకర్త చెప్పిన మాటలివి. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసినది. తడబాట్లు మాత్రమే తీసివేశాము.)

సభకు నమస్కారం. ముందుగా ఒక మనవి. వెనక నిలబడినవారు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. ముందు వరుసలో కుర్చీలు ఎవరి కోసమూ అట్టిపెట్టలేదు. ఇవాళ వేదిక మీద పెద్దలు లేరు, పూలదండలు లేవు, శాలువాలు లేవు. వక్త ఒకరు, నేను ఒకణ్ణి. నేను కూడా పావుగంట మాట్లాడి పక్కకు తప్పుకుంటాను.

ఇవాళ్టి విషయం మీ అందరికీ తెలిసిందే. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వి శుద్ధి చేయగా మిగిలిన వ్యర్థాలు చేరే చెరువుకూ, ఆ చుట్టుపక్కల బోర్ల నీళ్లకూ సంబంధం ఉందా, లేదా? ఉంటే దాన్ని ఎట్లా తెలుసుకోవాలి? ఈ ప్రశ్న మీద మన జిల్లాలో ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు రకాలుగా మాట్లాడుతారు. అన్న గనిలో పని చేస్తుంటాడు, తమ్ముడు చీనీ తోట చూసుకుంటుంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్లు కాదు. అందుకే వక్తను పిలవడానికి ముందు, ఈ రెండు గంటలు ఏ పద్ధతిలో జరుగుతాయో, నేను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నానో చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

మొదట నా సంగతి. నేను కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా చిన్నాన్న కొడుకు ఆ గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు. మా అత్తగారిది వేముల మండలమే, అక్కడ వాళ్లకు అరటి తోట ఉంది. అంటే గని మూతపడినా మా ఇంట్లో ఒకరికి నష్టమే, బోరు పాడైనా మా ఇంట్లో ఒకరికి నష్టమే. ఈ విషయం మీద నాకు అభిప్రాయం లేదా అంటే, ఉంది. ఇన్నేళ్లు ఈ జిల్లాలో బతికి, ఈ విషయం మీద అభిప్రాయం లేదని చెప్పేవాణ్ణి మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. అయితే ఆ అభిప్రాయం ఇవాళ నా నోటి నుంచి రాదు. మీరు అడిగినా రాదు, బయట టీ తాగేటప్పుడు అడిగినా ఇవాళ్టికి రాదు.

తటస్థత అంటే నా ఉద్దేశం ఏమిటో కూడా చెప్పాలి. ఈ మాటకు చాలామంది చెప్పుకునే అర్థం ఏమిటంటే, ఆ పక్కన ఒక మాట, ఈ పక్కన ఒక మాట చెప్పించి, రెండూ సగం సగం నిజమని సభను ముగించడం. అది నాకు సమ్మతం కాదు. నేను ఇరువైపులా సమానంగా సమయం ఇస్తాను. ఇరువైపులా ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో, ఒకే గొంతుతో అడుగుతాను. అంతే కానీ, కొలిచి చెప్పిన మాటకూ కొలవకుండా చెప్పిన మాటకూ తేడా లేనట్టు నటించను. ఒక పక్షం వారు పరీక్ష చేయించిన కాగితం తెచ్చి, రెండో పక్షం వారు తేకపోతే, ఆ తేడా సభకు కనిపించాలి. ఆ కాగితం ఎవరు తెచ్చారన్నదాన్ని బట్టి నా గొంతు మారితే మాత్రం అది నా తప్పు. దాన్ని పట్టుకోవడానికి ఒక ఏర్పాటు చేశాము, కాసేపట్లో చెబుతాను.

ఈ సభ ఏది కాదో కూడా చెప్పాలి. ఇది ప్రజాభిప్రాయ సేకరణ కాదు. ఈ తేడా చాలామందికి స్పష్టంగా తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం జరిగే బహిరంగ విచారణకు ఒక చట్టబద్ధమైన రూపం ఉంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరు గానీ, ఆయన నియమించిన తగిన హోదా ఉన్న అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర సభలో వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఇంతమంది వస్తేనే చెల్లుతుందన్న నియమం కూడా దానికి లేదు. అక్కడ చెప్పిన మాట రికార్డుకు ఎక్కి, అనుమతి ఇచ్చేవారి ముందుకు వెళుతుంది. ఇక్కడ అట్లాంటిది ఏదీ జరగదు. కాబట్టి ‘ఫలానా సభలో కూడా మేము అభ్యంతరం చెప్పాము’ అని గానీ, ‘ఫలానా సభలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు’ అని గానీ రేపు ఏ కార్యాలయంలోనూ ఈ సభను సాక్ష్యంగా వాడుకోవద్దు. చివర తీర్మానం ఉండదు. చేతులెత్తించడం ఉండదు. సంతకాల కాగితం ఈ గదిలో తిరగదు. బయట ఎవరైనా తిప్పుకుంటే అది వారి ఇష్టం.

తీర్మానం ఎందుకు వద్దనుకున్నాము? చివర ఓటు ఉందని తెలిస్తే, మొదటి నిమిషం నుంచీ మనిషి వినడం మానేసి తలలు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. ఎవరి లారీలో ఎంతమంది వచ్చారన్నదే ఆ రోజుకు వార్త అవుతుంది. ఓటు లేదని తెలిస్తే, అవతలివాడు చెప్పిన ఒక్క మాట నిజమేనని ఒప్పుకున్నా మనకు పోయేది ఏమీ ఉండదు.

ఇక, వివాదం లేని విషయాలను ముందే పక్కన పెడదాము. వాటి మీద సమయం పోగొట్టుకోవద్దు. గని, శుద్ధి కర్మాగారం వేముల మండలం తుమ్మలపల్లెలో ఉన్నాయి. నడుపుతున్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ఉత్పత్తి మొదలైంది. ఇక్కడి ఖనిజం సున్నపు జాతి రాయి, డోలమైటు రాయిలో ఉంది కాబట్టి ఆమ్లంతో కాకుండా సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులతో క్షార పద్ధతిలో యురేనియాన్ని కరిగించి తీస్తారు. రాయిలో యురేనియం పాలు చాలా తక్కువ కాబట్టి, తవ్విన రాయిలో దాదాపు అంతా వ్యర్థంగానే మిగులుతుంది. ఆ బురదను కొట్టాల దగ్గరున్న చెరువుకు గొట్టాల ద్వారా పంపుతారు. ఇంతవరకు ఎవరికీ తగాదా లేదు. తగాదా ఇక్కడి నుంచే. ఆ చెరువు అడుగు నుంచి నీళ్లు భూమిలోకి ఇంకుతున్నాయనీ, తమ తోటలు, బోర్లు దెబ్బతిన్నాయనీ చుట్టుపక్కల రైతులు చెబుతున్నారు. కాదని సంస్థ చెబుతోంది. మనం మాట్లాడబోయేది ఈ ఒక్క ముడి గురించే. అణు విద్యుత్తు దేశానికి కావాలా వద్దా, ఉద్యోగాలు ఎవరికి వచ్చాయి, భూమికి పరిహారం ఎంత ఇచ్చారు, ఇవన్నీ పెద్ద ప్రశ్నలే. వాటిని ఎవరైనా ఎత్తితే నేను ఆపుతాను. అవి చిన్నవని కాదు, రెండు గంటల్లో అవి అన్నీ కలిస్తే ఏదీ తేలదని.

అంకెల గురించిన నియమం

ఇది అన్నిటికంటే ముఖ్యమైన నియమం కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉంటాను. ఇవాళ ఈ గదిలో ఎవరు అంకె చెప్పినా, వక్త చెప్పినా, నేను చెప్పినా, మీరు చెప్పినా, దానితో పాటు నాలుగు వివరాలు చెప్పాలి. ఏ బోరు, అది చెరువుకు ఏ దిక్కున ఎంత దూరంలో ఉంది? నీళ్లు ఏ నెలలో, ఎట్లా పట్టారు? ఏ ప్రయోగశాల ఏమేమి చూసింది? ఆ అంకెను ఏ హద్దుతో పోలుస్తున్నారు? నాలుగింటిలో ఏదైనా తెలియకపోతే ‘తెలియదు’ అని చెప్పండి చాలు, నేను మైకు లాక్కోను. తెలియదన్న మాట కూడా రికార్డులో ఉండాలి, అంతే.

ఎందుకింత పట్టుదల అంటారా? ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాము. ఒక రైతు లేచి, మా బోరు నీళ్లలో యురేనియం 45 ఉంది అన్నాడనుకోండి. నలభై అయిదు ఏమిటి? లీటరుకు 45 మైక్రోగ్రాములు. కొన్ని ప్రయోగశాలలు దీన్నే 45 పీపీబీ అని రాస్తాయి, మరికొన్ని 0.045 మిల్లీగ్రాములు అని రాస్తాయి. మూడూ ఒకటే. కానీ సున్నా పాయింటు సున్నా అని చదివితే వినేవాడికి ఏమీ లేనట్టు ఉంటుంది, నలభై అయిదు అని చదివితే గుండె జారుతుంది. అందుకని ఇవాళ అందరమూ లీటరుకు మైక్రోగ్రాముల్లోనే చెబుదాము.

సరే, ఈ 45 ఎక్కువా, తక్కువా? ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన హద్దు 30. మన భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టుకున్నదీ 30. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. ఇప్పుడు చూడండి. రైతు ‘హద్దు దాటింది’ అంటాడు, నిజమే. అవతల ఒక ఇంజనీరు లేచి ‘హద్దు లోపలే ఉంది’ అంటాడు, అదీ నిజమే. ఇద్దరూ నిజమే చెప్పి, ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకుని ఇంటికి పోతారు. ఈ రెండు హద్దులూ రెండు వేరు భయాల నుంచి పుట్టాయి. యురేనియం ఒక బరువు లోహంగా మూత్రపిండాలకు చేసే హాని లెక్కలోంచి 30 వచ్చింది. అణుధార్మికత లెక్కలోంచి 60 వచ్చింది. ఏ హద్దును గౌరవించాలన్నది న్యాయమైన చర్చ, దాన్ని చేద్దాము. హద్దు పేరు చెప్పకుండా ‘దాటింది’, ‘దాటలేదు’ అనడం మాత్రం ఇవాళ కుదరదు. ఆ మాట ఇరువైపుల వారికీ వర్తిస్తుంది.

ఇంకొక మెట్టు ఉంది. 45 ఉన్నదని అందరమూ ఒప్పుకున్నామనుకోండి. అది చెరువు నుంచే వచ్చిందని అర్థమా? కాకపోవచ్చు. యురేనియం ఉన్న రాళ్ల ప్రాంతంలో, ఏ గనీ లేకపోయినా, భూగర్భ జలాల్లోకి కొంత యురేనియం దానంతట అదే కరుగుతుంది. ఆ ఖనిజం అక్కడ ఉంది కాబట్టే గని పెట్టారు. మరి ఇది ప్రకృతి ఇచ్చిందేనని తేల్చేయవచ్చా? అదీ కాదు. ఇక్కడ వాడేది సోడియం కార్బొనేటు పద్ధతి అని చెప్పుకున్నాము కదా, ఆ వ్యర్థపు నీళ్లలో సోడియమూ, సల్ఫేటూ దండిగా ఉంటాయి. చెరువు నీళ్లు బోరులోకి చేరుతుంటే యురేనియం ఒక్కటే రాదు, అవి కూడా పెరగాలి. చెరువుకు ఎగువన ఉన్న బోరుకూ, దిగువన ఉన్న బోరుకూ తేడా కనిపించాలి. గని రాకముందు ఆ బోరులో ఎంత ఉండేదన్న లెక్క ఉంటే అన్నిటికంటే మేలు. కాబట్టి యురేనియం అంకె ఒక్కటే పట్టుకుని ‘చూశారా, చెరువే కారణం’ అనేవారినీ ఆపుతాను, ‘చూశారా, రాయే కారణం’ అనేవారినీ ఆపుతాను. పక్కన సోడియం ఎంత, సల్ఫేటు ఎంత అని అడుగుతాను.

నీళ్లు పట్టిన తీరు కూడా అడుగుతానన్నాను. మోటరు వేసిన వెంటనే పట్టిన నీళ్లు గొట్టంలో నిలిచి ఉన్నవి. కాసేపు ఆడించాక వచ్చేవి భూమిలోవి. మే నెలలో అడుగంటిన బోరు వేరు, వానల తరువాత అదే బోరు వేరు. తాగి పారేసిన కూల్‌డ్రింకు సీసాలో పట్టి, వారం రోజులు ఇంట్లో పెట్టి పంపిన నీళ్ల మీద ఎంత పెద్ద ప్రయోగశాల అయినా ఏమి చెప్పగలదు? ఇది రైతులను తప్పు పట్టడం కాదు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు. వక్త దీన్ని వివరంగా చెబుతారు.

ఈ నియమం దగ్గర ఒక అభ్యంతరం వచ్చింది, దాన్ని మీ ముందు ఉంచాలి. నిర్వాహకులు మొదట రాసుకున్న నియమంలో, పరీక్ష కాగితం ఉన్నవారే నీళ్ల గురించి మాట్లాడాలి అని ఉండేది. దాన్ని చదివిన ఒక రైతు, ‘సార్, కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి? ఆఫీసుల దగ్గర ఉంటాయి. ఈ నియమంతో మీరు మమ్మల్ని కూర్చోబెట్టి వాళ్లనే మాట్లాడించినట్టు కాదా?’ అని అడిగాడు. అడిగినదాంట్లో న్యాయం ఉంది. పైకి ఇద్దరికీ సమానంగా కనిపించే నియమం ఒకరి నోరు కట్టేయవచ్చు. అందుకని నియమం మారింది. కాగితం లేనివారు తాము కంటితో చూసినది చెప్పవచ్చు. ఏ చేనులో, ఏ నెలలో, ఏమి చూశారో చెప్పండి. గెల దిగే ముందు అరటి ఆకు అంచులు మాడాయా, నీళ్లు ఆరాక మడి గట్ల మీద తెల్లటి పొర కట్టిందా, మోటరు గొట్టం లోపల పక్కు పట్టిందా, చెప్పండి. చూసినది చూసినట్టు చెప్పి, దానికి కారణం ఇదీ అని మీరు అనుకుంటున్నది వేరుగా చెప్పండి. తెల్లటి పొర మీరు చూసినది, అది చెరువు వల్ల అన్నది మీరు అనుకుంటున్నది. రెండింటినీ చెప్పే హక్కు మీకు ఉంది, కలిపి చెప్పవద్దని మాత్రమే కోరిక. అవతలి పక్షానికీ ఇదే. ‘చెరువు అడుగున పొర వేశాము’ అనడం ఒక మాట, ‘కాబట్టి కారడం లేదు’ అనడం ఇంకొక మాట.

మనుషుల గురించి, ఫోన్ల గురించి

ఇక్కడ నేను కొంచెం గట్టిగా ఉంటాను. జబ్బుల ప్రస్తావన వస్తుంది, రాకుండా ఉండదు. అయితే ఏ మనిషి పేరూ, ఏ పిల్లవాడి పేరూ, ఏ ఇంటి గుర్తూ చెప్పవద్దు. చర్మం మీద మచ్చలున్న ఫొటోలు ఫోన్లో చూపించవద్దు, వారు ఒప్పుకున్నారని చెప్పినా వద్దు. ఎందుకో మీకు తెలుసు. ఫలానా ఊరి నీళ్లు మంచివి కావు, అక్కడ అందరికీ జబ్బులే అని ఒకసారి పాకితే, ఆ ఊరి అమ్మాయికి సంబంధం కుదిరేటప్పుడు అవతలివారు మొదట అడిగేది ఆ మాటే. ఆ ఊరి గెల అని తెలిస్తే వ్యాపారి టన్నుకు రేటు తగ్గిస్తాడు. గని పక్షమో, రైతు పక్షమో గెలవడానికి వాళ్లను మూల్యంగా పెట్టే హక్కు మనకు లేదు.

ఫోన్లు. ప్రసంగాన్ని నిర్వాహకులే రికార్డు చేస్తున్నారు, దాన్ని రాయించి అందరికీ ఇస్తారు. ప్రశ్నల సమయంలో ఆ రికార్డు తప్ప ఏ ఫోనూ పైకి లేవకూడదు. ఈ గదిలో గనిలో పని చేసేవారు ఉన్నారు. పరిహారం ఫైలు కదలడం కోసం ఎదురుచూస్తున్నవారూ ఉన్నారు. పదిహేను సెకన్ల ముక్క కోసి ఎవరో పంపితే ఇద్దరికీ చిక్కే. లేచి మాట్లాడడం ఇష్టం లేనివారు చీటీ రాయండి, పేరు అక్కరలేదు. చీటీలన్నీ డబ్బాలో వేసి, కలిపి తీస్తాము. ఎవరినైనా పేరు పెట్టి నిందించిన చీటీ చదవను. అట్లా పక్కన పెట్టిన చీటీలు ఎన్నో చివర చెబుతాను, మీకు నచ్చినవే చదివారు అన్న అనుమానం మిగలకూడదు.

నోటితో అడిగే ప్రశ్నకు నిమిషమున్నర. మైకు వాలంటీరు చేతిలోనే ఉంటుంది, మీ చేతికి ఇవ్వరు. నవ్వుతున్నారు, కానీ మన సభల్లో చేతికి వెళ్లిన మైకు తిరిగి వచ్చిన దాఖలాలు తక్కువ. నాయకుల పేర్లు, పార్టీల పేర్లు పొగడ్తకూ వద్దు, తెగడ్తకూ వద్దు. కండువాలు వేసుకుని వచ్చినవారు దయచేసి సంచిలో పెట్టుకోండి. వక్త చెప్పిన మాట తప్పు అనిపిస్తే మధ్యలో లేవవద్దు. ఆ మాటను రాసుకోండి, ప్రశ్నల సమయం మొదట మీ దగ్గరికే వస్తాను. ఆ మాట నిజంగానే తప్పని తేలితే, అచ్చు పాఠంలో ఆ వాక్యం పక్కనే మీ సవరణ వస్తుంది. వక్త మాటను చెరిపి దిద్దరు, రెండూ పక్కపక్కన ఉంటాయి.

మరి నన్ను ఎవరు ఆపాలి? ముందు వరుసలో ఎడమ చివర ఒక పెద్దాయన, కుడి చివర ఒక అమ్మ కూర్చున్నారు. ఆయన కొడుకు గనిలో ఉద్యోగి. ఆమెకు చెరువుకు దిగువన తోట ఉంది. ఈ నియమాలు వారిద్దరూ ముందే చదివారు. నేను ఒక పక్షం వారిని నాలుగు ప్రశ్నలు అడిగి, రెండో పక్షం వారిని రెండు అడిగి వదిలేశానని వారిలో ఎవరికి అనిపించినా చేయి ఎత్తుతారు. చేయి లేచిన వెంటనే నేను ఆగి, ఏమి వదిలేశానో విని, ఆ ప్రశ్న అడుగుతాను. వాదించను. ఈ హక్కు వారిద్దరికే ఉంది, అందరికీ ఇస్తే సభ జరగదు. ఎవరికైనా ఫిర్యాదు ఉంటే వారి చెవిలో చెప్పండి.

వక్త గురించి రెండు మాటలు, పరిచయంగా కాదు, మీరు తెలుసుకోవలసినవి కాబట్టి. ఆమె భూగర్భ జలాల మీద పని చేసిన అధ్యాపకురాలు. గతంలో ప్రభుత్వ శాఖ ఇచ్చిన నిధులతో పరిశోధన చేశారు. చెరువు చుట్టుపక్కల రైతులు అడిగితే వెళ్లి వారి బోర్లు కూడా చూశారు. ఈ రెండింటినీ సభకు చెప్పమని ఆమే కోరారు. ఇవాళ్టికి ఆమెకు బస్సు ఖర్చు తప్ప మరేమీ ఇవ్వడం లేదు. హాలు అద్దెకు నిర్వాహకులు చందాలు వేసుకున్నారు, గని వైపు నుంచి గానీ, ఉద్యమ సంఘాల నుంచి గానీ రూపాయి తీసుకోలేదు. లెక్క కాగితం తలుపు పక్కన అతికించి ఉంది, వెళ్లేటప్పుడు చూసుకోండి.

ఆమె యాభై నిమిషాలు మాట్లాడుతారు. నలభై అయిదో నిమిషంలో ఒక గంట, యాభైకి ఇంకొక గంట కొడతాను. అంకెల నియమం ఆమెకూ వర్తిస్తుంది, హద్దు చెప్పకుండా అంకె చెబితే ఆమెను కూడా ఆపి అడుగుతాను, దానికి ఆమె ఒప్పుకున్నారు. చీటీలు, పెన్నులు ఇప్పుడే వరసల్లోకి వస్తున్నాయి, ప్రసంగం జరుగుతుండగానే రాసుకోవచ్చు. అమ్మా, రండి, మైకు తీసుకోండి.